-45ని నాలుగు పద్ధతుల్లో రాయడం ఎలా? రెండు సున్నాలు ఎక్కడ పుడతాయి?

విజయనగరంలో గంటస్తంభం దగ్గర ఒక మేడ మీద గదిలో సాయంత్రాలు ట్యూషన్ చెప్తాను. బొబ్బిలి, గజపతినగరం, చీపురుపల్లి వైపు నుంచి బస్సు దిగి వచ్చే డిప్లొమా, డిగ్రీ పిల్లలే ఎక్కువ. సెమిస్టర్ పరీక్షలు దగ్గర పడ్డాయంటే అందరిదీ ఒకటే ప్రశ్న: సైన్-మాగ్నిట్యూడ్, వన్స్ కాంప్లిమెంట్, టూస్ కాంప్లిమెంట్, ఎక్సెస్, మైనస్ సంఖ్యలని కంప్యూటర్ బిట్లలో రాసే ఈ నాలుగు పద్ధతులకి తేడా ఏమిటి, ఏది ఎక్కడి నుంచి ఎక్కడి దాకా రాయగలదు? నోట్సులో నిర్వచనాలు బాగానే ఉంటాయి. కానీ -45 ఇచ్చి నాలుగు రకాలుగానూ రాయమంటే కలం ఆగిపోతుంది. మొన్న ఒక కుర్రాడు పట్టిక సగం దాకా రాసి, తలెత్తి, "మేస్టారూ, సున్నాకి మైనస్సేటండీ?" అన్నాడు. అసలు అడగాల్సిన ప్రశ్న అదే. ఏ పద్ధతిలోనైనా సున్నా ఎక్కడుందో, ఎన్ని ఉన్నాయో తెలిస్తే రేంజి బట్టీ పట్టక్కర్లేదు.

కావలసినవి

గళ్ల కాగితం ఉంటే మంచిది, ఒక గడిలో ఒక బిట్ పడుతుంది. 128, 64, 32, 16, 8, 4, 2, 1 అనే వరస నోటికి రావాలి. చివర్లో సరిచూసుకోవడానికి పైథాన్ నడిచే ఫోనో కంప్యూటరో ఉంటే చాలు. మనం పట్టుకునే సంఖ్య -45, బిట్లు 8.

1. ముందు ప్లస్ సంఖ్యను గళ్లన్నీ నింపి రాయండి

45 అంటే 32 + 8 + 4 + 1. బైనరీలో 101101. ఇక్కడ ఆగకండి. ఇవి ఆరు బిట్లే. ఎడమ పక్క రెండు సున్నాలు పెట్టి ఎనిమిదీ నింపండి:

```
+45 = 00101101
```

నేను దిద్దే పేపర్లలో ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే. ఆరు బిట్లు రాసి, వాటినే తిరగేసి 010010 చేసి, ఆ తర్వాత గుర్తొచ్చి ముందు రెండు సున్నాలు తగిలిస్తారు. అప్పుడు 00010010 వస్తుంది. అది +18. ఆ రెండు సున్నాలు ముందే ఉండి ఉంటే అవి కూడా తిరగబడి ఒకట్లు అయ్యేవి. అందుకే సున్నాలు పెట్టడం ముందు, తిరగేయడం తర్వాత.

ప్రశ్నలో బిట్ల సంఖ్య ఇవ్వకపోతే మీరే "8 బిట్లు అనుకుందాం" అని మొదటి వరసలో రాసేయండి. బిట్లు ఎన్నో తెలియకుండా ఈ నాలుగింటిలో ఏదీ అర్థం కాదు.

2. సైన్-మాగ్నిట్యూడ్: ఎడమ చివరి బిట్ ఒక్కటే మార్చండి

మనం కాగితం మీద రాసినట్టే. గుర్తు వేరు, విలువ వేరు. ఎడమ చివరి బిట్ 0 అయితే ప్లస్, 1 అయితే మైనస్. మిగతా ఏడు బిట్లలో 45 అలాగే ఉంటుంది:

```
-45 = 10101101
```

రాయడానికి ఇంతకన్నా తేలిక ఇంకోటి లేదు. కూడడానికి మాత్రం ఇదే పెద్ద తలనొప్పి, అది 8వ మెట్టులో చూస్తారు.

3. వన్స్ కాంప్లిమెంట్: ఎనిమిదీ తిరగేయండి

0 ఉన్నచోట 1, 1 ఉన్నచోట 0. గుర్తు బిట్‌ని కూడా కలిపి తిరగేయాలి:

```
+45 = 00101101
-45 = 11010010
```

కొందరు గుర్తు బిట్‌ని వదిలేసి మిగతా ఏడు తిరగేస్తారు. సైన్-మాగ్నిట్యూడ్‌లో రాసిన 10101101 నుంచి బయల్దేరితే అలా చేసినా సరైన జవాబే వస్తుంది, ఎందుకంటే అక్కడ గుర్తు బిట్ ముందే 1 అయిపోయింది. +45 నుంచి బయల్దేరితే తప్పు. రెండు దారులూ కలిపేసి చిక్కుల్లో పడేకంటే ఎప్పుడూ ప్లస్ సంఖ్య నుంచే మొదలెట్టి అన్నీ తిరగేయడం మేలు.

4. టూస్ కాంప్లిమెంట్: తిరగేసి ఒకటి కలపండి

```
11010010 + 1 = 11010011
```

అంతే, -45 = 11010011. సరైందో కాదో చూడాలంటే దీన్ని గుర్తు లేని మామూలు సంఖ్యగా చదవండి: 128 + 64 + 16 + 2 + 1 = 211. 256లోంచి 45 తీసేసినా 211 రావాలి. వచ్చింది. పాత స్కూటర్ల కిలోమీటర్ మీటరు గుర్తుందా, 00000 దగ్గర ఉన్నప్పుడు వెనక్కి ఒకటి తిప్పితే 99999 పడుతుంది. ఇక్కడ మీటరు 256 దగ్గర తిరుగుతుంది, మనం సున్నా నుంచి 45 వెనక్కి వెళ్లాం.

ఒకటి కలపడంలో క్యారీలు తప్పుతున్నాయా? ఇంకో దారి ఉంది. ప్లస్ సంఖ్యలో కుడి నుంచి ఎడమకి వెళ్తూ మొదటి 1 వచ్చేదాకా, ఆ 1తో సహా, ఉన్నది ఉన్నట్టు దించేయండి. ఆ తర్వాతివన్నీ తిరగేయండి. 40ని చూడండి: 00101000. కుడి పక్క 1000 అలాగే దిగుతుంది, మిగిలిన 0010 తిరగబడి 1101 అవుతుంది. -40 = 11011000. పరీక్షలో నేనైతే ఇదే వాడతాను.

ఇక్కడ ఒక మాట నిదానంగా చదవండి, సగం గందరగోళం దీనివల్లే. "+45ని 8 బిట్ల టూస్ కాంప్లిమెంట్‌లో రాయండి" అంటే జవాబు 00101101. ఏమీ తిరగేయకూడదు. "00101101కి టూస్ కాంప్లిమెంట్ కట్టండి" అంటే 11010011. మొదటి దానిలో టూస్ కాంప్లిమెంట్ అనేది పద్ధతి పేరు, రెండోదానిలో చేయాల్సిన పని పేరు. రెండింటికీ ఒకే పేరు పెట్టడం ఎవరి పాపమో గానీ, ప్లస్ సంఖ్య ఇచ్చినా కనిపించిందల్లా తిరగేసే పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. ప్లస్ సంఖ్యలు మొదటి మూడు పద్ధతుల్లోనూ ఒకేలా ఉంటాయి.

5. ఎక్సెస్: కలిపి రాయండి, తిరగేయొద్దు

వడ్రంగి పని చూసినవాళ్లకి ఇది కొత్త కాదు. టేపు చివర రేకు ఊడిపోతే మొదటి సెంటీమీటర్లు నమ్మలేం. అప్పుడు వడ్రంగి 10 దగ్గర గీత పెట్టి కొలుస్తాడు, ఆఖర్న 10 తీసేస్తాడు. టేపు మీద 73 కనిపిస్తే చెక్క పొడవు 63. ఎక్సెస్ కూడా అంతే. సున్నాని టేపు మధ్యకి జరిపేస్తాం. దాని ఎడమ పక్కవి మైనస్సులు, కుడి పక్కవి ప్లస్సులు.

8 బిట్లలో ఎక్సెస్-128 అయితే ఇచ్చిన సంఖ్యకి 128 కలిపి, వచ్చినదాన్ని మామూలు బైనరీలో రాయాలి:

```
-45 + 128 = 83 = 01010011
+45 + 128 = 173 = 10101101
```

చూశారా, ఇక్కడ మైనస్ సంఖ్యకి ఎడమ చివర 0, ప్లస్ సంఖ్యకి 1 వచ్చాయి. మిగతా మూడు పద్ధతులకి ఇది తలకిందులు. కంగారు పడి మార్చేయకండి, సరిగ్గానే ఉంది.

ఒక చిన్న చెక్ కూడా ఉంది. 4వ మెట్టులో వచ్చిన 11010011ని, ఇక్కడి 01010011ని పక్కపక్కన పెట్టండి. ఎడమ చివరి బిట్ ఒక్కటే తేడా. ఎక్సెస్-128కీ టూస్ కాంప్లిమెంట్‌కీ ఏ సంఖ్య తీసుకున్నా తేడా ఇంతే. రెండో బిట్ దగ్గర తేడా కనిపించిందంటే ఎక్కడో లెక్క తప్పింది.

ఎంత కలపాలో ప్రశ్నలో చూసుకోవాలి. ఎక్సెస్-127 అంటే 127 కలపాలి, అప్పుడు -45 కాస్తా 82, అంటే 01010010 అవుతుంది. ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్యల్లో, 32 బిట్ల ఐఈఈఈ 754లో, ఘాతాన్ని దాచేది ఈ ఎక్సెస్-127తోనే. ఒట్టి "ఎక్సెస్ పద్ధతి" అని అడిగితే ఎక్సెస్-128 తీసుకుంటున్నానని ఒక వాక్యం రాసి ముందుకు వెళ్లండి.

6. ఇప్పుడు సున్నాని రాసి చూడండి

పై నాలుగు సూత్రాల్లోనూ -45 తీసేసి -0 పెట్టండి. +0 అంటే 00000000.

సైన్-మాగ్నిట్యూడ్‌లో ఎడమ చివరి బిట్ మారిస్తే 10000000. ఇది +0 కాదు, వేరే నమూనా. విలువ మాత్రం సున్నాయే. వన్స్ కాంప్లిమెంట్‌లో అన్నీ తిరగేస్తే 11111111. ఇదీ సున్నాయే. అంటే ఈ రెండింట్లోనూ సున్నాకి రెండేసి రూపాలు.

టూస్ కాంప్లిమెంట్‌లో తిరగేస్తే 11111111, ఒకటి కలిపితే 100000000. తొమ్మిదో బిట్ పట్టడానికి గడి లేదు, అది పోతుంది. మిగిలింది 00000000. -0 వచ్చి +0లోనే కలిసిపోయింది. ఎక్సెస్-128లో 0 + 128 = 128, అంటే 10000000. ప్లస్ సున్నాకీ మైనస్ సున్నాకీ 128 కలిపితే వచ్చేది ఒకటే, కాబట్టి ఒక్కటే సున్నా. 00000000 అనేది ఎక్సెస్-128లో -128, సున్నా కానే కాదు. మార్కులు పోయే చోటు ఇదొకటి.

రెండు సున్నాలుంటే నష్టమేంటి అంటారా? విలువ సున్నానా కాదా అని చూడాల్సిన ప్రతిచోటా రెండు నమూనాలతో పోల్చాలి. బిట్లు వేరు కాబట్టి రెండు సున్నాలు సమానం కావని యంత్రం తేల్చేసే ప్రమాదం ఉంది. పైగా ఒక నమూనా వృథా అయిపోతుంది.

ఇది పాత యంత్రాలతో పోయిన గొడవ అనుకోకండి. పైథాన్‌లో `print(-0.0)` కొట్టి చూడండి, `-0.0` అనే వస్తుంది. ఫ్లోటింగ్ పాయింట్‌లో సంఖ్య గుర్తు సైన్-మాగ్నిట్యూడ్ పద్ధతిలోనే ఉంటుంది మరి. `0.0 == -0.0` అని అడిగితే మాత్రం `True` అంటుంది, రెండూ సమానమే అనాలని ప్రమాణంలోనే రాసుకున్నారు. నెట్‌వర్క్‌లో యూడీపీ పద్ధతిలో పంపే డేటా దారిలో చెడిందో లేదో చూసే చెక్‌సమ్‌ని వన్స్ కాంప్లిమెంట్‌తో కడతారు. అక్కడ రెండో సున్నా వృథా పోలేదు. ఐపీవీ4లో 16 బిట్లూ సున్నాలుగా వస్తే "చెక్‌సమ్ కట్టలేదు" అని అర్థం, లెక్క కట్టాక నిజంగానే సున్నా వస్తే అన్నీ ఒకట్లుగా పంపుతారు. విలువ ఒకటే, కబురు వేరు. ఈ సబ్జెక్టులో నాకు బాగా నచ్చిన సంగతి ఇది.

7. రేంజి బట్టీ పట్టకండి, పంచుకోండి

8 బిట్లతో మొత్తం 256 నమూనాలు. సున్నాకి ఎన్ని ఇచ్చామో తీసేసి మిగిలినవి పంచుదాం.

సున్నాకి రెండు పోతే మిగిలేవి 254. మైనస్సులకి 127, ప్లస్సులకి 127. అందుకే సైన్-మాగ్నిట్యూడ్, వన్స్ కాంప్లిమెంట్ రెండింటికీ రేంజి -127 నుంచి +127.

సున్నాకి ఒకటే పోతే మిగిలేవి 255. ఇది బేసి సంఖ్య, ఇద్దరికీ సమానంగా రాదు. ఎవరికో ఒకరికి ఒకటి ఎక్కువ పోవాలి. టూస్ కాంప్లిమెంట్‌లో అది మైనస్ వైపు పోయింది: -128 నుంచి +127. ఎక్సెస్-128లోనూ అంతే. ఎక్సెస్-127లో ప్లస్ వైపు పోయింది: -127 నుంచి +128. అయితే ఫ్లోటింగ్ పాయింట్ ఘాతంలో అన్నీ సున్నాలు, అన్నీ ఒకట్లు అనే రెండు చివరి నమూనాలని వేరే పనులకి పక్కన పెట్టారు. అందుకే మామూలు సంఖ్యలకి ఘాతం -126 నుంచి +127 దాకానే.

n బిట్లకి కావాలంటే ఇలా:

```
సైన్-మాగ్నిట్యూడ్, వన్స్:  -(2^(n-1) - 1) నుంచి 2^(n-1) - 1
టూస్, ఎక్సెస్-2^(n-1):   -2^(n-1)       నుంచి 2^(n-1) - 1
```

టూస్ కాంప్లిమెంట్‌లో -128 నుంచి +128 అని రాస్తే అది 257 సంఖ్యలు. 256 నమూనాల్లో 257 సంఖ్యలు పట్టవు. జవాబు రాశాక ఇలా ఒక్కసారి లెక్కపెట్టుకుంటే ఈ తప్పు మీకే దొరుకుతుంది.

ఆ ఎక్కువ పోయిన -128కి ఒక తిక్క ఉంది. దాన్ని ప్లస్ చేద్దామని 10000000ని తిరగేయండి, 01111111. ఒకటి కలపండి, 10000000. తిరిగి అదే వచ్చింది. +128కి చోటే లేదు కాబట్టి వచ్చే వీల్లేదు. లెక్క తప్పిందనుకుని టెన్షన్ పడి మళ్లీ మళ్లీ చేయకండి.

మొత్తం బొమ్మ ఒకేసారి చూడాలంటే 3 బిట్ల పట్టిక వేయండి, ఎనిమిదే వరసలు. నేను మొదటి రోజు బోర్డు మీద వేసేది ఇదే:

| నమూనా | సైన్-మాగ్. | వన్స్ | టూస్ | ఎక్సెస్-4 |
|---|---|---|---|---|
| 000 | +0 | +0 | 0 | -4 |
| 001 | 1 | 1 | 1 | -3 |
| 010 | 2 | 2 | 2 | -2 |
| 011 | 3 | 3 | 3 | -1 |
| 100 | -0 | -3 | -4 | 0 |
| 101 | -1 | -2 | -3 | 1 |
| 110 | -2 | -1 | -2 | 2 |
| 111 | -3 | -0 | -1 | 3 |

ఆఖరి నిలువు వరసని పైనుంచి కిందకి చదవండి. -4 నుంచి 3 దాకా ఎక్కడా తెగకుండా పెరుగుతూ పోతుంది. అంటే ఏది పెద్దదో తేల్చాలంటే నమూనాలని మామూలు సంఖ్యల్లా పోలిస్తే చాలు. ఘాతాలకి ఎక్సెస్ వాడటానికి కారణం అదే. మిగతా మూడు వరసలూ 011 దాటగానే ఒక్కసారి కిందకి పడిపోతాయి.

8. కూడి సరిచూసుకోండి

+45కి -45 కలిపితే సున్నా రావాలి. మామూలు బైనరీ కూడిక చేసి చూద్దాం.

```
సైన్-మాగ్.  00101101 + 10101101 = 11011010
వన్స్       00101101 + 11010010 = 11111111
టూస్       00101101 + 11010011 = 1 00000000
```

మొదటిది -90 అని చదవాలి. తప్పు జవాబు. మీరు రాసిన రూపాలు తప్పని కాదు, సైన్-మాగ్నిట్యూడ్‌ని అలా నేరుగా కూడకూడదు. గుర్తులు వేరైతే పెద్దదాంట్లోంచి చిన్నది తీసేసి పెద్దదాని గుర్తు పెట్టాలి. రెండోది మైనస్ సున్నా, అంటే సరైనదే. మూడోది, బయటికొచ్చిన క్యారీ వదిలేస్తే శుభ్రంగా సున్నా.

వన్స్ కాంప్లిమెంట్‌లో బయటికొచ్చిన క్యారీని వదిలేయకూడదు, తెచ్చి కుడి చివర కలపాలి. 60కి -45 కలుపుదాం:

```
00111100 + 11010010 = 1 00001110
00001110 + 1 = 00001111 = 15
```

క్యారీ వదిలేస్తే 14 వచ్చేది. జవాబు సరిగ్గా ఒకటి తక్కువ వచ్చిందంటే మీరు చేసిన తప్పు ఇదేనని పట్టేయొచ్చు.

ఎక్సెస్-128లో కూడితే 128 రెండుసార్లు చేరుతుంది, ఒకసారిది తీసేయాలి: 173 + 83 - 128 = 128, అంటే 10000000. అది ఎక్సెస్-128 సున్నా.

అన్ని పద్ధతుల్లోనూ, రేంజి దాటిన కూడికని ఏ క్యారీ సర్దుబాటూ కాపాడదు. టూస్ కాంప్లిమెంట్‌లో 100కి 45 కలిపితే 10010001 వస్తుంది, చదివితే -111. రెండు ప్లస్సులు కూడితే మైనస్ వచ్చిందంటే ఓవర్‌ఫ్లో అయిందన్నమాట.

9. పైథాన్‌తో ఒకసారి చూసుకోండి

```python
n = -45
m = abs(n)
print(format(128 + m, '08b'))
print(format(255 - m, '08b'))
print(format(256 - m, '08b'))
print(format(128 + n, '08b'))
```

వరసగా సైన్-మాగ్నిట్యూడ్, వన్స్, టూస్, ఎక్సెస్-128. ఇది -1 నుంచి -127 దాకా ఇచ్చే సంఖ్యలకే. `bin(-45)` కొట్టి `-0b101101` వచ్చిందని, అదే టూస్ కాంప్లిమెంట్ అనుకోకండి. పైథాన్ అక్కడ మైనస్ గుర్తు పెట్టి 45ని చూపిస్తోంది, అంతే.

చేసి చూడండి

ఒకటి: -100ని నాలుగింట్లో రాయండి. 11100100, 10011011, 10011100, 00011100 రావాలి.

రెండు: 10101101 అని మాత్రమే ఇచ్చి విలువ అడిగితే? ఏ పద్ధతో చెప్పందే జవాబు లేదు. సైన్-మాగ్నిట్యూడ్‌లో -45, వన్స్‌లో -82, టూస్‌లో -83, ఎక్సెస్-128లో +45.

మూడు: -128ని 8 బిట్లలో నాలుగు పద్ధతుల్లోనూ రాయండి. టూస్‌లో 10000000, ఎక్సెస్-128లో 00000000. మిగతా రెండింటికీ తొమ్మిదో బిట్ తెచ్చి ఏదో ఒకటి రాసేయకండి, "8 బిట్లలో రాయలేం, రేంజి -127 దాకానే" అని రాయండి. పూర్తి మార్కులు ఆ వాక్యానికే.